రొట్టెను కాదు, పిండిని తూచండి

షుగర్ వచ్చిందని తెలిసినా, బరువు తగ్గాలని అనుకున్నా మన ఇళ్లలో మొదట వినిపించే సలహా ఒకటే. రాత్రిపూట చపాతీలు మానేసి జొన్న రొట్టె తినండి, లేదంటే రాగి రొట్టె, సజ్జ రొట్టె తినండి అంటారు. విన్నవాళ్లు శ్రద్ధగా పాటిస్తారు. నాలుగు చపాతీలు తినే మనిషి రెండు జొన్న రొట్టెలతో సరిపెట్టుకుంటాడు. నాలుగు రెండయ్యాయి కాబట్టి తిండి సగానికి తగ్గిందని ఇంట్లో అందరూ నమ్ముతారు. రెండు నెలలు గడిచినా బరువు కదలదు. తిన్న తర్వాత చూసే షుగర్ అంకె తగ్గకపోగా, కొందరికి పెరుగుతుంది కూడా. అప్పుడు రొట్టెల మీదే నమ్మకం పోతుంది.

తప్పు జొన్నలది కాదు, లెక్కది. మనం రొట్టెలను సంఖ్యతో లెక్కపెడతాం. ఒంటికి అందేది మాత్రం ఆ రొట్టెలోకి వెళ్లిన పిండి. ఒక చపాతీలో ఎంత పిండి ఉంది, ఒక జొన్న రొట్టెలో ఎంత ఉంది అనే ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా గందరగోళం చాలావరకు తీరిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో రొట్టెను పక్కన పెట్టి పిండి బరువు నుంచి మొదలుపెడదాం.

వంద గ్రాముల పిండిలో ఏముంది?

ఈ మధ్య మాక్రోలు అనే మాట జిమ్‌లలోనూ ఫోన్ యాప్‌లలోనూ బాగా వినిపిస్తోంది. ఆహారంలో ఎక్కువ మోతాదులో ఉండి శక్తినిచ్చే ప్రొటీన్, కొవ్వు, కార్బోహైడ్రేట్లను కలిపి అలా అంటారు. వీటితోపాటు పీచును కూడా చూస్తేనే రొట్టెల విషయంలో లెక్క పూర్తవుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను కొత్తగా ప్రచురించింది. దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి నమూనాలు తెచ్చి, 528 ఆహార పదార్థాలను ప్రయోగశాలలో పరీక్షించి వేసిన అంకెలవి. మన నాలుగు పిండులకు ఆ పట్టికలు చూపే విలువలు, ఒక దశాంశానికి సర్ది, ఇలా ఉన్నాయి.

| 100 గ్రాములకు | కేలరీలు | ప్రొటీన్ (గ్రా.) | కొవ్వు (గ్రా.) | కార్బోహైడ్రేట్ (గ్రా.) | పీచు (గ్రా.) |
|---|---|---|---|---|---|
| గోధుమ పిండి | 320 | 10.6 | 1.5 | 64.2 | 11.4 |
| జొన్న | 334 | 10.0 | 1.7 | 67.7 | 10.2 |
| సజ్జ | 348 | 11.0 | 5.4 | 61.8 | 11.5 |
| రాగి | 321 | 7.2 | 1.9 | 66.8 | 11.2 |

జొన్న, సజ్జ, రాగులకు ఇచ్చినవి పొట్టుతో ఉన్న గింజల విలువలు. మరలో ఆడించి, జల్లించకుండా వాడే పిండికి అవే వర్తిస్తాయి.

ఈ పట్టికను మొదటిసారి చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. కేలరీలలో నాలుగింటికీ పెద్ద తేడా లేదు. గోధుమ పిండి అన్నిటికన్నా తక్కువలో ఉంది, సజ్జ అన్నిటికన్నా ఎక్కువలో ఉంది. కార్బోహైడ్రేట్ జొన్నలో గోధుమ కన్నా మూడున్నర గ్రాములు ఎక్కువే. పీచు విషయంలో నాలుగూ ఇంచుమించు సమానం. జొన్నలో గోధుమ పిండి కన్నా పీచు చాలా ఎక్కువని మనలో చాలామందికి ఉన్న నమ్మకానికి ఈ అంకెల్లో ఆధారం కనిపించదు.

మరి ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? పోలిక మారడం వల్ల వచ్చింది. తెల్లటి బియ్యంలో వంద గ్రాములకు పీచు 2.8 గ్రాములే. మైదాలోనూ దాదాపు అంతే. అన్నం తినే మనిషి జొన్న రొట్టెకు మారితే అదే బరువుకు పీచు మూడున్నర రెట్లు దాటుతుంది. అది నిజమైన లాభం. మైదా పరోటా నుంచి మారినా లాభమే. కానీ పొట్టుతో ఆడించిన గోధుమ పిండి చపాతీ నుంచి జొన్న రొట్టెకు మారితే పీచులో ఒరిగేది ఏమీ ఉండదు. అయితే ఒక షరతు ఉంది. గోధుమ పిండిని సన్న జల్లెడ పట్టి పైన మిగిలిన పొట్టును పారేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అలా పారేస్తే పీచులో మంచి భాగం చెత్తబుట్టలోకి పోతుంది, చపాతీ మైదా వైపు ఒక అడుగు జరుగుతుంది. జొన్న పిండిని జల్లించినా, పాలిష్ పట్టిన గింజను ఆడించినా జరిగేది అదే.

ఒక్క రొట్టెలో ఎంత పిండి?

పిండిలో తేడా లేనప్పుడు తేడా ఎక్కడ వస్తోంది? రొట్టె మందంలో వస్తోంది. ఇంట్లో చేసే మామూలు చపాతీకి, పీట మీద చల్లుకునే పొడి పిండితో కలిపి, సుమారు 30 గ్రాముల పిండి పడుతుంది. జొన్న రొట్టెకు 50 నుంచి 75 గ్రాములు పడుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు 40 గ్రాములతో కాగితంలా పల్చగా తట్టగలరు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల రొట్టె 80 గ్రాములు దాటిపోతుంది.

దీనికి కారణం పిండి స్వభావం. గోధుమ పిండిలో నీళ్లు పోసి పిసికితే అందులోని ప్రొటీన్లు కలిసి గ్లూటెన్ అనే సాగే గుణమున్న వలగా ఏర్పడతాయి. ఆ వల పట్టి ఉంచుతుంది కాబట్టి చపాతీని ఎంత పల్చగా ఒత్తినా చినగదు. జొన్న, సజ్జ, రాగి పిండిలో గ్లూటెన్ ఏర్పడదు. వాటిని చన్నీళ్లతో కలిపి పల్చగా తట్టబోతే అంచులు పగులుతాయి, పెనం మీదికి ఎత్తేలోపే విరిగిపోతాయి. అందుకే మరిగే ఎసరు వాడతాం. వేడి నీళ్లు తగలగానే పిండిలోని గంజి పదార్థం కొంత ఉబ్బి జిగురెక్కుతుంది. గ్లూటెన్ చేయాల్సిన పని ఆ జిగురు కొంతవరకు చేస్తుంది. మూతపెట్టి కాసేపు ఉంచి, చేతికి ఓర్చుకునేంత వేడి ఉండగానే అరచేతి మడమతో బాగా మర్దిస్తే ముద్ద నున్నగా వస్తుంది. నున్నగా వచ్చిన ముద్ద పల్చగా తట్టడానికి లొంగుతుంది. అంచులు పగులుతున్నాయంటే ఎసరు చాలలేదనో, మర్దించడం చాలలేదనో, పిండి పాతబడిందనో అర్థం. పగుళ్లు రాకుండా చూసుకోవడానికి చాలామంది రొట్టెను మందంగా వదిలేస్తారు. పిండి పెరిగేది అక్కడే.

ఒక్కో రొట్టెకు లెక్క వేస్తే తేడా కళ్లకు కడుతుంది. 30 గ్రాముల గోధుమ చపాతీలో 96 కేలరీలు, 3.2 గ్రాముల ప్రొటీన్, అర గ్రాము కొవ్వు, 19 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటాయి. 60 గ్రాముల జొన్న రొట్టెలో 200 కేలరీలు, 6 గ్రాముల ప్రొటీన్, ఒక గ్రాము కొవ్వు, దాదాపు 41 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటాయి. అంటే ఒక జొన్న రొట్టె రెండు చపాతీల పెట్టు. అదే జొన్న పిండితో 30 గ్రాముల రొట్టె చేయగలిగితే అందులో 100 కేలరీలు, 20 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటాయి. అది చపాతీకి జోడీ.

కాలిన రొట్టెను తూస్తే ఎందుకు మోసపోతాం?

ఆహారం లెక్క రాసుకునే కొందరు కాలిన రొట్టెనే తూకం మీద పెడతారు. ఇది ఇంకా పెద్ద తికమకకు దారి తీస్తుంది, ఎందుకంటే రొట్టె బరువులో నీళ్లు కూడా ఉంటాయి.

వంద గ్రాముల గోధుమ పిండికి 60, 65 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. జొన్న పిండి దాదాపు తన బరువంత ఎసరు తాగుతుంది. పెనం మీద కొంత ఆవిరైపోయాక, 30 గ్రాముల పిండితో చేసిన చపాతీ సుమారు 40 గ్రాములు తూగుతుంది. 60 గ్రాముల పిండితో చేసిన జొన్న రొట్టె 85, 90 గ్రాముల దాకా తూగుతుంది. ఇప్పుడు ఆ 88 గ్రాముల అంకెను జొన్న పిండి విలువలతో గుణిస్తే 294 కేలరీలు వస్తాయి. నిజంగా ఉన్నవి 200. నీళ్లకు కూడా కేలరీలు కట్టినట్టయింది.

దీనికి తిరుగు తప్పు కూడా ఉంది. కాలిన రొట్టెలను వంద గ్రాముల చొప్పున పోల్చే పట్టికల్లో ఎక్కువ నీళ్లు పట్టిన రొట్టెకు తక్కువ కేలరీలు కనిపిస్తాయి. మెత్తగా, తడిగా ఉన్న జొన్న రొట్టె చపాతీ కన్నా తేలికైన తిండిలా అనిపిస్తుంది. ఆ తేలిక నీళ్లది. అదే రొట్టెను ఉత్తర కర్ణాటకలోనూ సరిహద్దు జిల్లాల్లోనూ చేసేట్టు కరకరలాడేలా ఎండబెడితే బరువు పిండి బరువుకు దగ్గరగా దిగిపోతుంది, వంద గ్రాములకు కేలరీలు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తాయి. రొట్టెలోని పిండి మాత్రం 60 గ్రాముల దగ్గరే ఉంది. నీళ్లు ఎంత పోసినా, ఎంతసేపు కాల్చినా మారనిది పొడి పిండి బరువు ఒక్కటే. అందుకే లెక్కకు అదే ఆధారం కావాలి.

తూచే పద్ధతి సులువు. పిండి డబ్బాను మూత తీసి, రొట్టెలు మొదలుపెట్టే ముందు ఒకసారి తూచండి. కలపడానికి తీసిన పిండి, పీట మీద చల్లుకున్న పొడి పిండి, రెండూ ఆ డబ్బాలోంచే వాడండి. చివర్లో పీట మీద మిగిలిన పొడి పిండిని డబ్బాలోకి ఎత్తేసి మళ్లీ తూచండి. రెండు తూకాల మధ్య తేడాను రొట్టెల సంఖ్యతో భాగిస్తే ఒక్కో రొట్టె పిండి బరువు వస్తుంది. జొన్న రొట్టె విషయంలో పీట మీది పిండిని కలపడం తప్పనిసరి, ఎందుకంటే తట్టేటప్పుడు అంటకుండా గుప్పెడు పిండి చల్లుతాం, అందులో చాలావరకు రొట్టెకే పట్టుకుంటుంది.

తూకం లేని ఇంట్లో ఇంకో దారి ఉంది. కిలో ప్యాకెట్ విప్పిన రోజు నుంచి అయిపోయే రోజు దాకా ఎన్ని రొట్టెలు వచ్చాయో క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి. కిలోకు 14 జొన్న రొట్టెలు వస్తే ఒక్కొక్కటి 71 గ్రాములు, అంటే దాదాపు 240 కేలరీలు. కిలోకు 33 చపాతీలు వస్తే ఒక్కొక్కటి 30 గ్రాములు. ఒక్క రోజు తూకం కన్నా ఈ సగటే నిజానికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే రోజూ ముద్ద ఒకే సైజులో రాదు.

ఒక రాత్రి భోజనం లెక్క

మొదట చెప్పిన మనిషి దగ్గరికే వద్దాం. ఆయన రోజూ నాలుగు చపాతీలు తినేవాడు. పిండి 120 గ్రాములు. ఒక్కో చపాతీకి అర చెంచా నూనె, మొత్తం 10 గ్రాములు. పిండి నుంచి 384, నూనె నుంచి 90, కలిపి 474 కేలరీలు. ప్రొటీన్ 12.7 గ్రాములు, కార్బోహైడ్రేట్ 77 గ్రాములు, కొవ్వు సుమారు 12 గ్రాములు.

ఇప్పుడు రెండు జొన్న రొట్టెలు తింటున్నాడు. ఒక్కొక్కటి 70 గ్రాముల పిండి, మొత్తం 140 గ్రాములు. నూనె లేదు, పెనం మీద రొట్టె పైన తడి గుడ్డతో నీళ్లు అద్ది కాల్చినవే. 468 కేలరీలు. ప్రొటీన్ 14 గ్రాములు, కొవ్వు రెండున్నర గ్రాములు, కార్బోహైడ్రేట్ 95 గ్రాములు.

కేలరీలు ఉన్నచోటే ఉన్నాయి. నూనె పోయినంత మేరా పిండి పెరిగింది. బరువు ఎందుకు తగ్గలేదో దీన్నిబట్టే తెలుస్తోంది. షుగర్ కోసం మారిన మనిషికి ఇంకా ముఖ్యమైన విషయం, కార్బోహైడ్రేట్ 77 నుంచి 95 గ్రాములకు పెరిగింది. తిన్న తర్వాత షుగర్ ఎంత పెరుగుతుందో తేల్చే అంశాల్లో ఇది చాలా పెద్దది. పిండి ఎంత సన్నగా ఆడించారు, పక్కన ఏం తిన్నారు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి, కానీ 18 గ్రాముల అదనపు కార్బోహైడ్రేట్‌ను అవి మాయం చేయలేవు. ముందే నూనె లేని పుల్కాలు తినే మనిషి ఇలా మారితే పరిస్థితి మరీ ఎదురు తిరుగుతుంది. 384 కేలరీల భోజనం 468కి పెరుగుతుంది.

ఇదే మనిషి రెండు రొట్టెలనూ 60 గ్రాముల చొప్పున తట్టించుకుంటే పిండి మళ్లీ 120 గ్రాములకు వస్తుంది. అప్పుడు 401 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, 81 గ్రాముల కార్బోహైడ్రేట్. చపాతీల రోజులకన్నా 73 కేలరీలు తగ్గాయి. ఆ తగ్గుదల జొన్న వల్ల రాలేదు, నూనె లేకపోవడం వల్ల వచ్చింది. జొన్న రొట్టెకు ఉన్న అసలు బలం ఇదే, నూనె చుక్క లేకుండా రుచిగా తినగలిగే రొట్టె అది. కార్బోహైడ్రేట్ కూడా తగ్గాలనుకుంటే పిండిని 90 గ్రాములకు దించి, ఆ ఖాళీని పప్పు, ఆకుకూరతో నింపుకోవాలి. 90 గ్రాముల జొన్న పిండిలో 61 గ్రాముల కార్బోహైడ్రేట్, 300 కేలరీలు ఉంటాయి.

సజ్జలో కొవ్వు, రాగిలో ప్రొటీన్

అదే 120 గ్రాములు సజ్జ పిండి అయితే 418 కేలరీలు వస్తాయి. కార్బోహైడ్రేట్ 74 గ్రాములు, నాలుగింటిలో తక్కువ. ప్రొటీన్ 13 గ్రాములు, నాలుగింటిలో ఎక్కువ. అయినా కేలరీలు పెరగడానికి కారణం కొవ్వు. గోధుమలో 1.8 గ్రాములు ఉండే చోట సజ్జలో 6.5 గ్రాములు ఉంటుంది. సజ్జ గింజ చిన్నది, అందులో మొలక భాగం వాటా పెద్దది, కొవ్వు ఎక్కువగా ఉండేది ఆ మొలకలోనే. ఇది చెడ్డ కొవ్వేమీ కాదు, కానీ లెక్కలో ఉంటుంది. సజ్జ రొట్టె మీద వెన్న, నెయ్యి వేసుకునేవాళ్లు పిండిలోనే ఒక చెంచాకు పైగా కొవ్వు ముందే ఉందని గుర్తు పెట్టుకోవాలి.

ఆ కొవ్వే సజ్జ పిండిని తొందరగా పాడుచేస్తుంది. గింజగా ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. ఆడించగానే పిండిలోని ఎంజైములు కొవ్వును విడగొట్టడం మొదలుపెడతాయి, కొద్ది రోజుల్లోనే మక్కిన వాసన, నాలుకకు చేదు తగులుతాయి. చేదెక్కిన పిండిని వేడి నీళ్లతో కలిపినా ఆ చేదు పోదు. చాలామంది ఆ చేదు తెలియకుండా బెల్లమో నెయ్యో ఎక్కువ వేస్తారు, భోజనం లెక్క అక్కడే తారుమారవుతుంది. వారానికి సరిపడా మాత్రమే ఆడించుకుని గాలి చొరని డబ్బాలో, వీలైతే ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. ముద్దను కూడా ఒకేసారి కలిపి ఉంచితే విరుగుతుంది. ఒకటి రెండు రొట్టెలకు సరిపడా అప్పటికప్పుడు కలుపుకోవాలి.

రాగిది వేరే కథ. 120 గ్రాముల రాగి పిండిలో 385 కేలరీలు, 80 గ్రాముల కార్బోహైడ్రేట్. కేలరీలలో గోధుమకు అచ్చుగుద్దినట్టు సమానం. కానీ ప్రొటీన్ 8.6 గ్రాములే, గోధుమ కన్నా నాలుగు గ్రాములు తక్కువ. రాగి బలమైన తిండి అన్న పేరును ప్రొటీన్‌కు అన్వయిస్తే పొరపాటే. దాని బలం కాల్షియంలో ఉంది. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే గోధుమ పిండిలో 31, జొన్న, సజ్జలలో 28 లోపే. 120 గ్రాముల రాగి పిండి అంటే దాదాపు 437 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన 1000 మిల్లీగ్రాములలో ఇది నాలుగో వంతును బాగా దాటుతుంది. రాగిలోని ఫైటేట్ల వంటి పదార్థాల వల్ల అందులో ఉన్న కాల్షియమంతా ఒంటికి పట్టదు, రాగులను మొలకెత్తించి ఆడిస్తే ఆ అడ్డు కొంత తగ్గుతుంది. అయినా మిగతా మూడు పిండులూ ఈ ఒక్క విషయంలో రాగి దరిదాపుల్లోకి రావు.

రాగి రొట్టెలో ప్రొటీన్ లోటును తీర్చడం కష్టం కాదు. 20 గ్రాముల కందిపప్పు, అంటే ఉడికాక ఒక చిన్న గరిటెడు పప్పు, నాలుగు గ్రాములకు పైగా ప్రొటీన్ ఇస్తుంది. తేడా అక్కడికక్కడే సరిపోతుంది. పప్పు తోడు నిజానికి నాలుగు రొట్టెలకూ అవసరమే. ధాన్యాలన్నిటిలోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది సమృద్ధిగా ఉంటుంది. జొన్నకు ఇంకో ఇబ్బంది ఉంది. నీళ్లతో వండినప్పుడు జొన్న ప్రొటీన్లు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడిపోతాయి, గోధుమ ప్రొటీన్ అరిగినంత తేలిగ్గా అవి అరగవు. పట్టికలో 10 గ్రాములు, 10.6 గ్రాములు పక్కపక్కనే కనిపించినా ఒంటికి అందేటప్పటికి ఆ దూరం కొంత పెరుగుతుంది.

రాగి రొట్టె లెక్క తప్పేది ఎక్కువగా నూనె దగ్గర. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి కలిపిన ముద్దను చాలా ఇళ్లలో నేరుగా పెనం మీదే నూనెతో తడతారు, తర్వాత చుట్టూ మళ్లీ నూనె వేస్తారు. 60 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో పిండి నుంచి 193 కేలరీలు వస్తాయి. రెండు చెంచాల నూనె పట్టిందంటే ఇంకో 80, 90 కలిసి 280కి చేరుతుంది. పేరుకు రాగి రొట్టె, లెక్కకు దాదాపు మూడు పుల్కాలు.

చార్టులు ఎందుకు కలవవు?

ఈ అంకెలను మీ దగ్గరున్న పాత డైట్ చార్టుతో పోలిస్తే కలవకపోవచ్చు. గోధుమ పిండికి 341 కేలరీలు, కార్బోహైడ్రేట్ 69 గ్రాములు, పీచు 1.9 గ్రాములు అని అందులో ఉండొచ్చు. జొన్నకు 349 కేలరీలు, 72.6 గ్రాములు, పీచు 1.6 అని ఉండొచ్చు. ఇవి కల్పించిన అంకెలు కావు. అదే పోషకాహార సంస్థ దశాబ్దాల పాటు ముద్రించిన పాత పుస్తకంలోనివి. అప్పట్లో పిండిని ఆమ్లంలో, క్షారంలో మరిగించి, కరగకుండా మిగిలినదాన్నే ముడి పీచుగా లెక్కగట్టేవారు. ఆ పద్ధతిలో పీచులో చాలా భాగం కరిగిపోయి కార్బోహైడ్రేట్ ఖాతాలోకి వెళ్లేది. 2017 పట్టికలు ఒంట్లో అరగని పీచు మొత్తాన్ని విడిగా కొలిచాయి. గింజ మారలేదు, కొలిచే తీరు మారింది. ఒక పిండికి పాత అంకె, ఇంకో పిండికి కొత్త అంకె తీసుకుని పోల్చడమే అసలు ప్రమాదం. నెట్‌లో తిరిగే చాలా పోలికలు ఇలా కలగాపులగంగా తయారైనవే.

ప్యాకెట్ లేబుల్ మీద కూడా ఇదే చిక్కు రావచ్చు. కొన్ని లేబుళ్లు పీచును కార్బోహైడ్రేట్‌లో కలిపి చూపుతాయి, కొన్ని వేరుగా చూపుతాయి. కనిపెట్టడానికి చిన్న కూడిక చాలు. ప్రొటీన్, కొవ్వు, కార్బోహైడ్రేట్‌లను కూడి, తేమకూ లవణాలకూ 10 నుంచి 13 వరకు కలపండి. మొత్తం 100 దగ్గరికి వస్తే పీచు కార్బోహైడ్రేట్‌లోనే ఉన్నట్టు. 88, 90 దగ్గర ఆగితే ఆ తేడాయే పీచు, దాన్ని వేరుగా లెక్కగట్టారన్నమాట. జొన్న ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ 78 అని ఉంటే కంగారు పడక్కర్లేదు, అందులో పది గ్రాములు పీచే.

లేబుల్ చూసేటప్పుడు పదార్థాల వరుసను కూడా చదవండి. మల్టీగ్రెయిన్ అన్న పేరుతో అమ్మే పిండుల్లో గోధుమే మొదటి స్థానంలో ఉండి, చిరుధాన్యాలు చివర కొద్దిగా ఉండొచ్చు. వరుసలో ముందున్న పదార్థం బరువులో ఎక్కువ. రొట్టె విరగకుండా ఉండాలని ఇంట్లో జొన్న పిండిలో గోధుమ పిండి కలిపినా మాక్రోలు పెద్దగా మారవు. కానీ గ్లూటెన్ పడదని వైద్యులు చెప్పినవాళ్లకు ఆ కొంచెం కలపడమే హాని చేస్తుంది. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడించినా వాళ్లకు ఇబ్బందే.

ఇన్ని అంకెలు చూశాక తేలేది ఇది. బరువు తగ్గడమే లక్ష్యమైతే గోధుమ, జొన్న, సజ్జ, రాగి అన్న ఎంపిక కన్నా పళ్లెంలోకి ఎన్ని గ్రాముల పిండి, ఎన్ని చెంచాల నూనె వచ్చాయన్నదే ముఖ్యం. కాల్షియం కావాలనుకుంటే రాగి రొట్టె చేసుకోండి, పక్కన పప్పు మరవకండి. ప్రొటీన్ కొంచెం ఎక్కువగా, కార్బోహైడ్రేట్ కొంచెం తక్కువగా కావాలంటే సజ్జ మేలు, పైన వెన్న మానేయాలి. నూనె తగ్గించాలనుకుంటే జొన్న రొట్టెకు సాటి లేదు, పల్చగా తట్టగలగాలి. అన్నం నుంచి మారుతుంటే ఈ నాలుగింటిలో ఏదైనా పీచు పెంచుతుంది. పొట్టు తీయని గోధుమ పిండితో నూనె లేకుండా చేసుకునే పుల్కా మీకు పడుతుంటే, దాన్ని వదులుకోవాల్సిన పనేమీ లేదు.

ఈసారి పిండి ప్యాకెట్ విప్పినప్పుడు, అది ఏ పిండి అయినా సరే, అందులోంచి ఎన్ని రొట్టెలు వస్తున్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. వైద్యుడో డైటీషియనో ఎన్ని రొట్టెలు తింటున్నారని అడిగితే సంఖ్యతో పాటు ఒక్కో రొట్టెకు ఎన్ని గ్రాముల పిండి పడుతోందో కూడా చెప్పండి. అప్పుడే వాళ్లు మీకు ఇచ్చే సలహా మీ పళ్లానికి సరిపోతుంది.